షాపు అద్దం ఎత్తే ముందు: బరువెంత, మనుషులెందరు?

నెల్లూరు ట్రంకు రోడ్డులో దీపావళికి ముందు షాపులకు కొత్త అద్దాలు బిగించే పని ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మన తీరానికి వాయుగుండాల కాలం. అద్దం బండి దిగాక "ఇద్దరు చాలు లే" అని చూపుతో తేల్చేయకుండా ముందే లెక్క వేసుకోవాలి.

మామూలు కిటికీ గ్లాసు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2500 కిలోలు. అంటే ఒక చదరపు మీటరు పలక ప్రతి ఎంఎం మందానికీ రెండున్నర కిలోలు తూగుతుంది. టఫెన్డ్ అయినా అంతే, గట్టిదనం పెరుగుతుంది గానీ బరువు మారదు. మనం అడుగుల్లో కొలుస్తాం కాబట్టి ఇంకో తేలిక దారి ఉంది: చదరపు అడుగుల్ని ఎంఎంతో గుణించి 4తో భాగించడం. ఇది అసలు బరువు కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుంది, ఆ తప్పు మనకు మంచిదే.

7 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12 ఎంఎం పలక తీసుకుందాం. 28 చదరపు అడుగులు, 12తో గుణిస్తే 336, నాలుగో వంతు 84 కిలోలు. నిజంగా తూచితే 78 దగ్గర ఉంటుంది. చదునైన నేల మీద మనిషికి 25 కిలోలకు మించి పెట్టకూడదనుకుంటే ముగ్గురు సరిపోరు, నలుగురు కావాలి. అంచు మీద నిలబెట్టి, ఒక్కో చివర ఇద్దరు చొప్పున పట్టుకోవాలి. పడుకోబెట్టి మోస్తే మధ్యలో వంగి విరగొచ్చు.

మెట్లెక్కేటప్పుడు ఈ లెక్క చెల్లదు. కింద ఉన్నవాళ్ళ మీద సగానికి మించి బరువు పడుతుంది. మనిషికి 15 కిలోలే అనుకుంటే ఆరుగురు కావాలి, ఇరుకు మెట్ల మీద ఆరుగురు పట్టరు. అలాంటప్పుడు మనుషుల్ని పెంచడం మానేసి, బయట నుంచి క్రేనుతో ఎక్కించడమే నయం.

మందం దగ్గర ఒక చిక్కుంది. రెండు పొరల ఏసీ గ్లాసు అంచు 24 ఎంఎం కనిపిస్తుంది కానీ 6 గ్లాసు, 12 ఖాళీ, మళ్ళీ 6 గ్లాసు అయితే అసలు గ్లాసు 12 ఎంఎమ్మే. ఖాళీని కలిపితే బరువు రెట్టింపు వస్తుంది. లామినేటెడ్‌లో మధ్య పొర పల్చన, దాన్ని గ్లాసులాగే లెక్కేసినా ఇబ్బంది లేదు.

ఇక గాలి. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే ఈ పలకను దాదాపు 20 కిలోల బలంతో పక్కకు తోస్తుంది, గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. అందుకే వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజు ఆరుబయట పెద్ద పలక ఎత్తించవద్దు. చినుకు పడితే సక్షన్ కప్పులు జారతాయి, వాటికి గ్లాసు తుడిచి పొడిగా ఉండాలి.

ఎత్తే ముందే కేక వేసే మనిషిని ఒకరిని అనుకోండి. పలక పట్టు తప్పితే అతను "వదలండి" అన్న వెంటనే అందరూ వెనక్కి తగ్గాలి, ఎవరూ ఆపబోకూడదు.