ఇండెక్స్ ఫండ్ ఖర్చును ఇంట్లోనే లెక్క చూసుకునే పద్ధతి

ఫండ్ ఖర్చు ఏ రోజుకారోజు ఎన్ఏవీలోనే, అంటే ఒక్కో యూనిట్ విలువలోనే కోతపడుతుంది కాబట్టి, స్టేట్‌మెంటులో అది విడిగా కనిపించదు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి గారి స్టేట్‌మెంటు చూస్తుండగా, నిఫ్టీ 50 ఫండ్ పేరు చివర ‘రెగ్యులర్’ అనే మాట కనబడింది. మధ్యవర్తి కమీషన్ కలిసి ఉండే ఆ ప్లానుకు ఏటా ఖర్చు 0.7 శాతం, మధ్యవర్తి లేకుండా నేరుగా కొనే అదే ఫండ్ డైరెక్ట్ ప్లానుకు 0.2 శాతం.

సూచీ ఏటా 12 శాతం పెరుగుతుందని అనుకుని లెక్కవేస్తే, లక్ష రూపాయలు 30 ఏళ్లకు డైరెక్ట్‌లో సుమారు 28.4 లక్షలు, రెగ్యులర్‌లో 24.8 లక్షలు అవుతాయి. అర శాతం తేడాకు పోయేది పెట్టిన సొమ్ముకు మూడున్నర రెట్లు.

ఒకే సూచీని అనుసరించే రెండు ఫండ్లలో ఒకటి ఎంచుకోవాలంటే, ఫ్యాక్ట్‌షీటులో సూచీ టీఆర్ఐ, అంటే డివిడెండ్లు కూడా కలిపి లెక్కించిన సూచీ, అయిదేళ్ల వార్షిక రాబడి నుంచి ఫండ్ రాబడిని తీసివేయండి. మిగిలేదే ట్రాకింగ్ డిఫరెన్స్, అంటే ఏటా మన చేతికి నిజంగా రాకుండా పోయిన శాతం. డివిడెండ్లు కలవని మామూలు సూచీతో పోలిస్తే ఫండ్ ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ట్రాకింగ్ ఎర్రర్ ఆ తేడా ఎంత ఒడిదొడుకులకు లోనవుతుందో మాత్రమే చెబుతుంది కనుక, నేను దాన్ని రెండో స్థానంలోనే చూస్తాను.

పాత యూనిట్లను డైరెక్ట్‌కు మార్చడం అమ్మకం కిందే లెక్క కాబట్టి లాభంపై పన్ను, కొన్నిటికి త్వరగా అమ్మితే ఫండ్ కోసుకునే ఎగ్జిట్ లోడు పడవచ్చు. మూడు నాలుగేళ్లలో తీసేసుకునే డబ్బయితే, డైరెక్ట్‌కు మారడం వల్ల ఆదా అయ్యే ఖర్చు ఆ పన్నుకే సరిపోవచ్చు. బాబాయి గారు పాతవి అలాగే ఉంచి, కొత్త సిప్ మాత్రం డైరెక్ట్‌లో మొదలుపెట్టారు.