30 వాట్లు పోతుంటే నా లెక్కలో 13 ఎందుకొచ్చాయంటే
ఒంగోలు దగ్గర కాలేజీ ల్యాబ్‌లో లోపల హీటర్ ఉన్న కడ్డీకి అడ్డంగా ఫ్యాన్ గాలి కొట్టి ఉష్ణం ఎంత పోతుందో చూసే ప్రయోగం మాది. కడ్డీ వ్యాసం 20 మి.మీ., పొడవు 150 మి.మీ., గాలి సెకనుకు 5 మీటర్లు, 30 డిగ్రీలు. అరగంట ఆగాక ఉపరితలం 90 దగ్గర కుదురుకుంది. హీటర్ తీసుకునేది 34 వాట్లు. చర్చిల్-బెర్న్‌స్టైన్ సూత్రంతో నాకు వచ్చింది 12.7. ఇక టెన్షన్.

థర్మోకపుల్‌ని అనుమానించి రెండుసార్లు ఊడదీసి పెట్టాను, అదంతా దండగ. కాగితం చూసిన ల్యాబ్ అన్న "ఏంది సామే, గాలి కడ్డీ పొడవునా పోతుందా, అడ్డంగా పోతుందా?" అన్నాడు. పలక లెక్క అలవాటుతో Re, Nu రెండింట్లోనూ పొడవు వేశాను. అడ్డగాలికి వేయాల్సింది వ్యాసం.

గాలి గుణాలు మాత్రం 30, 90ల సగటైన 60 డిగ్రీల దగ్గరే తీసుకున్నాను, అవి సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ చేస్తే:

```
Re = 5*0.02/1.90e-5 = 5263
Nu = 37.6
h  = 37.6*0.0285/0.02 = 53.6 W/m²K
q  = 53.6*0.00942*60 = 30.3 W
```

పొడవు వచ్చేది ఒక్క వైశాల్యంలోనే.

మిగిలిన 3.7లో వికిరణం అర వాటే, కడ్డీ నున్నగా మెరుస్తుంది కాబట్టి. తక్కినది చాలావరకు చివర్ల బిగింపుల గుండా పోతుందనుకుంటా, అయితే ఈ సూత్రమే 20 శాతం దాకా తప్పొచ్చు, కాబట్టి దాన్ని ఇంకా తవ్వలేదు.