ప్రయోగాన్ని పేపర్లో రాయడం – 4వ పాఠం: లాక్ ఆఫ్ ఫిట్ వరుస, దాని వెనక ఉండే లెక్క

కిందటి పాఠంలో డిజైన్ పట్టికను పేపర్లో ఎలా పెట్టాలో చూశాం. ఈసారి అనోవా పట్టికలో చాలామంది చూసీ చూడనట్టు దాటిపోయే వరుస గురించి, అంటే లాక్ ఆఫ్ ఫిట్ గురించి. మోడల్ పదాలు, ఆప్టిమమ్ కూడా దీని వెనకే వస్తాయి, ఎందుకంటే మూడింటికీ ఆధారం ఒకటే: ప్రయోగంలోని అసలు ఎర్రర్ ఎంత అన్న అంచనా.

సాధన కోసం నేను తయారుచేసిన అంకెలు ఇవి. ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌తో అల్యూమినియం ప్లేట్లు అతుకుతున్నాం అనుకోండి. మార్చేవి రెండు: టూల్ తిరిగే వేగం (N, ఆర్‌పీఎం), టూల్ ముందుకు కదిలే వేగం (V, నిమిషానికి మిల్లీమీటర్లు). కొలిచేది అతుకు తన్యతా బలం, మెగాపాస్కల్స్‌లో. డిజైన్ ఫేస్-సెంటర్డ్ సెంట్రల్ కాంపోజిట్: నాలుగు మూలలు, నాలుగు పక్కల మధ్య బిందువులు, ఐదు సెంటర్ పాయింట్లు, మొత్తం 13 రన్లు.

| V \ N | 800 | 1000 | 1200 |
|---|---|---|---|
| 40 | 207 | 224 | 217 |
| 60 | 216 | 235 (ఐదింటి సగటు) | 235 |
| 80 | 184 | 221 | 226 |

రెండో డిగ్రీ మోడల్ వేస్తే వచ్చే సమీకరణం:

```
y = 235.62 + 11.83 x1 - 2.83 x2 + 8.00 x1x2 - 11.67 x1² - 14.67 x2²
x1 = (N - 1000)/200,  x2 = (V - 60)/20
```

రెండో లైన్ లేకుండా మొదటి లైన్ పేపర్లో పెడితే దాన్ని ఎవరూ వాడుకోలేరు. కోడెడ్ సమీకరణం ఇవ్వండి, కోడింగ్ ఎలా చేశారో దాని కిందే ఇవ్వండి. అసలు యూనిట్లలోకి మార్చి ఇవ్వాల్సి వస్తే అంకెల్ని కుదించేటప్పుడు జాగ్రత్త. ఇక్కడ N² ముందు వచ్చే గుణకం -0.0002918. చూడ్డానికి బాగుంటుందని దాన్ని -0.0003 చేస్తే, 1100 ఆర్‌పీఎం దగ్గర జవాబు దాదాపు 10 మెగాపాస్కల్స్ తప్పుతుంది. అచ్చయిన సమీకరణంలో విలువలు వేసి చూస్తే పేపర్లోని పట్టికతో కలవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇక అసలు విషయం. మోడల్ వివరించలేక వదిలేసిన మొత్తాన్ని అనోవా రెండుగా విడదీస్తుంది. ఒకటి ప్యూర్ ఎర్రర్: అవే సెట్టింగ్స్‌తో మళ్ళీ మళ్ళీ చేసిన రన్ల మధ్య తేడా. మోడల్ ఎంత మంచిదైనా ఈ భాగం పోదు. రెండోది లాక్ ఆఫ్ ఫిట్: ఒక్కో బిందువు దగ్గర అసలు సగటుకూ మోడల్ చెప్పిన విలువకూ మధ్య తేడా. రెండో దాని సగటు వర్గాన్ని మొదటి దాని సగటు వర్గంతో భాగిస్తే F వస్తుంది. మన డిజైన్‌లో వేర్వేరు బిందువులు 9, మోడల్‌లో గుణకాలు 6, కాబట్టి లాక్ ఆఫ్ ఫిట్‌కు 3 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. సెంటర్ రన్లు ఐదు కాబట్టి ప్యూర్ ఎర్రర్‌కు 4. లాక్ ఆఫ్ ఫిట్ వర్గాల మొత్తం 35.6, దాని సగటు వర్గం 11.9.

భాగించాల్సిన ప్యూర్ ఎర్రర్ ఎక్కణ్ణించి వస్తోందో చూడాలి. ఒక విద్యార్థి సెంటర్ సెట్టింగ్స్‌తో ఒకే ఒక అతుకు వేసి, దాంట్లోంచి ఐదు టెస్ట్ ముక్కలు కోశాడు అనుకుందాం. విలువలు 234, 236, 235, 235, 235. ప్యూర్ ఎర్రర్ సగటు వర్గం 0.5. అప్పుడు F(3,4) = 23.8, p = 0.005. లాక్ ఆఫ్ ఫిట్ సిగ్నిఫికెంట్. ఆర్-స్క్వేర్ చూస్తే 0.986. ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది: ఇంత మంచి ఆర్-స్క్వేర్ ఉండి మోడల్ ఎందుకు సరిపోలేదంటోంది?

అదే చోట ఐదు అతుకులు విడివిడిగా, ప్రతిసారీ మెషీన్ మళ్ళీ సెట్ చేసి, 13 రన్ల వరుసలో అక్కడక్కడా చల్లి వేసి ఉంటే 231, 238, 235, 233, 238 వచ్చాయనుకుందాం. సగటు మళ్ళీ 235 కాబట్టి పై సమీకరణంలో ఒక్క అంకె కూడా మారదు. ప్యూర్ ఎర్రర్ సగటు వర్గం మాత్రం 9.5 అవుతుంది. F(3,4) = 1.25, p = 0.40. ఆర్-స్క్వేర్ 0.973కి కాస్త తగ్గింది, లాక్ ఆఫ్ ఫిట్ ఇప్పుడు సిగ్నిఫికెంట్ కాదు.

మోడల్ మారలేదు, తీర్పు తిరగబడింది. ఒకే అతుకులోంచి కోసిన ముక్కల్లో కనిపించేది టెస్టింగ్ మెషీన్ ఎర్రర్, అతుకు పొడవునా ఉన్న చిన్న తేడా మాత్రమే. ప్లేట్లు బిగించడం, టూల్ లోతు, వేడి ఇవన్నీ రన్‌కూ రన్‌కూ మారే తీరు అందులో లేదు. మిగతా ఎనిమిది బిందువుల్లో మాత్రం అది ఉంది. ఒక్కో అతుకు నుంచి మూడు ముక్కలు టెస్ట్ చేస్తే మంచిదే, కానీ వాటి సగటు ఒక్క రన్ కిందే లెక్క. ఎన్ని ముక్కలు కోసినా రెప్లికేట్ల సంఖ్య పెరగదు.

అందుకే పేపర్లో "లాక్ ఆఫ్ ఫిట్ సిగ్నిఫికెంట్ కాదు" అన్న ఒక్క వాక్యం సరిపోదు. నేను రాసేది ఇలా ఉంటుంది: "సెంటర్ బిందువు దగ్గర ఐదు అతుకులు వేర్వేరుగా, యాదృచ్ఛిక క్రమంలో వేశాం. వాటి నుంచి ప్యూర్ ఎర్రర్ ప్రామాణిక విచలనం 3.1 మెగాపాస్కల్స్. లాక్ ఆఫ్ ఫిట్ F(3,4) = 1.25, p = 0.40." మూడు వాక్యాలే. రెప్లికేట్లు ఎలాంటివో, ఎర్రర్ ఎంతో, పరీక్షకు ఎంత బలం ఉందో చదివేవాళ్ళకు తెలిసిపోతుంది. బలం అని ఎందుకంటున్నానంటే, 3, 4 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో F 6.59 దాటితేగాని 0.05 స్థాయిలో సిగ్నిఫికెంట్ కాదు. చిన్నపాటి వంపుల్ని ఈ పరీక్ష పట్టుకోలేదు. కాబట్టి "మోడల్ సరైనదని రుజువైంది" అని రాయకండి. "లోపం ఉందనడానికి ఆధారం దొరకలేదు" అనడం వరకే మనకు హక్కు ఉంది.

రెప్లికేట్లు నిజమైనవే అయి, అప్పటికీ లాక్ ఆఫ్ ఫిట్ సిగ్నిఫికెంట్‌గా వస్తే? దాచొద్దు. ముందు రెసిడ్యువల్స్ ఏ మూల పెద్దవిగా ఉన్నాయో చూడండి. మన ఉదాహరణలో 800 ఆర్‌పీఎం, 60 దగ్గర మోడల్ 212.1 అంటోంది, కొలిచింది 216. తేడా ఎక్కువగా ఆ తక్కువ వేగం వైపే ఉంటే పరిధిని కుదించి మళ్ళీ చేయొచ్చు. అతుకులో లోపం ఏర్పడే తీరే అక్కడ వేరేమో కూడా ఆలోచించాలి. రెసిడ్యువల్స్ విలువతోపాటు పెరుగుతుంటే లాగరిథమ్ తీసి చూడొచ్చు. x1³ లాంటి మూడో డిగ్రీ పదం చేర్చేద్దాం అంటే మాత్రం ఈ డిజైన్‌లో కుదరదు. మూడే స్థాయిలు ఉన్నాయి కాబట్టి x1³, x1 రెండూ ఒకటే అయిపోతాయి.

మోడల్ పదాల విషయంలో ఒక్క మాట చాలు. మంచి రెప్లికేట్లతో చూస్తే x1, x1x2, రెండు వర్గ పదాలు సిగ్నిఫికెంట్. x2 ఒక్కటి p = 0.07 దగ్గర ఆగింది. దాన్ని తీసేయాలనిపిస్తుంది. తీయకండి. x1x2, x2² ఉంచి x2 తీసేస్తే, కోడింగ్ కేంద్రాన్ని కొంచెం జరిపినా వేరే మోడల్ అయిపోతుంది. పెద్ద పదం ఉన్నచోట దాని కింది పదాలు ఉండాలి, p ఎంతైనా సరే. ఏదైనా పదం నిజంగా తీసేస్తే ఏది తీశారో, ఏ నియమంతో తీశారో రాయండి. ఎందుకంటే అప్పుడు లాక్ ఆఫ్ ఫిట్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ కూడా పెరుగుతాయి. ఆర్-స్క్వేర్ పక్కన అడ్జస్టెడ్ (0.95), ప్రిడిక్టెడ్ (0.87) విలువలు కూడా పెట్టండి. మూడోది మిగతా రెండింటికన్నా దిగువన ఉండడం 13 రన్ల ప్రయోగంలో మామూలే. 0.87 చూసి కంగారు పడనక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు.

ఆప్టిమమ్‌కు వద్దాం. రెండు పాక్షిక అవకలనాలను సున్నా చేస్తే x1 = 0.52, x2 = 0.05. ఇది నిజంగా గరిష్ఠమేనా, లేక జీను ఆకారపు బిందువా అన్నది ఐగెన్ విలువలు చెబుతాయి: -8.9, -17.4. రెండూ రుణాత్మకం, కాబట్టి గరిష్ఠమే, అదీ ప్రయోగ పరిధి లోపలే. ఈ రెండు అంకెలూ పేపర్లో ఉండాలి. కాంటూర్ బొమ్మ ఒక్కటే సాక్ష్యం కాదు.

సాఫ్ట్‌వేర్ 1104.54 ఆర్‌పీఎం, 60.92 అని చూపిస్తుంది. దాన్ని అలాగే దించేయడం నాకు అస్సలు నచ్చదు. మెషీన్‌పై పెట్టగలిగేది 1100, 60. అక్కడ మోడల్ అంచనా 238.6. అసలు గరిష్ఠం 238.65. అంటే దశాంశాలు పోయినందువల్ల మనం పోగొట్టుకున్నదేమీ లేదు. ఇంకో సంగతి: V = 60 దగ్గర 1000 నుంచి 1200 ఆర్‌పీఎం వరకు అంచనా మొత్తం 3 మెగాపాస్కల్స్ లోపే మారుతోంది, అంటే మన ప్యూర్ ఎర్రర్ అంత. "ఆప్టిమమ్ 1100" అనడం కన్నా "నిమిషానికి 60 మిల్లీమీటర్ల దగ్గర 1000–1200 మధ్య బలం దాదాపు సమానం" అనడం షాప్ ఫ్లోర్ మీద పనిచేసేవాళ్ళకు ఎక్కువ ఉపయోగం.

చివరి పని నిర్ధారణ రన్లు. 1100, 60 దగ్గర కొత్తగా మూడు అతుకులు వేసి వాటి సగటును దేనితో పోల్చాలి? అంచనాకూ కొలతకూ మధ్య శాతం తేడా రాసి "5 శాతం లోపే ఉంది" అనడం అలవాటైపోయింది. ఇక్కడ 5 శాతం అంటే 12 మెగాపాస్కల్స్, అంత వెడల్పు ఉంటే సెంటర్ బిందువు కూడా పాసవుతుంది. పోల్చాల్సింది ప్రిడిక్షన్ ఇంటర్వల్‌తో. కొత్త మూడు అతుకుల సగటుకు 95 శాతం ఇంటర్వల్ 233.1 నుంచి 244.1. 234, 240, 237 వచ్చాయనుకోండి, సగటు 237, లోపలే ఉంది. మోడల్ ఈ పరీక్ష నిలిచింది. అయితే సెంటర్ దగ్గరి 235 కూడా ఆ ఇంటర్వల్ లోపలే ఉందని గమనించండి. కాబట్టి "ఆప్టిమమ్ వల్ల బలం పెరిగింది" అని సెంటర్‌తో పోల్చి రాయడానికి ఈ డేటా చాలదు. 800, 80 దగ్గరి 184తో పోల్చి రాయొచ్చు.

అభ్యాసం: సెంటర్ విలువలు 229, 240, 236, 232, 238 అనుకుని ప్యూర్ ఎర్రర్, లాక్ ఆఫ్ ఫిట్ F మళ్ళీ కట్టండి. F ఒకటి కన్నా తక్కువ వస్తుంది. ఆ ఫలితాన్ని మూడు వాక్యాల్లో పేపర్ భాషలో రాయండి, x2 పదం p ఎటు కదులుతుందో కూడా చెప్పండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో రెండు రెస్పాన్స్‌లను కలిపి డిజైరబిలిటీతో ఆప్టిమమ్ వెతికినప్పుడు ఏం రాయాలో చూద్దాం.