కోర్సు మూసేలోపు, కరెంటు పోయేలోపు క్లాసుల వీడియోలు సేవ్ చేసుకోవడం ఎలా?

మా పిన్ని కూతురు గుంటూరులో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ సబ్జెక్టు రికార్డెడ్ క్లాసులు మొత్తం 26, కాలేజీ వాళ్ల కోర్సు పేజీలో ఉన్నాయి. ఆ రాత్రి 11:59 దాటితే పేజీ మూసేస్తారు. సాయంత్రం ఆరున్నరకి ఆకాశం నల్లబడి గాలి మొదలైంది, గాలి వస్తే అక్కడ కరెంటు నిలవదు. "అక్కా, అన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ పెట్టేయనా?" అని ఫోన్ చేసింది. వద్దన్నాను. ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయాలో తన కేసు పట్టుకునే చెప్తాను.

1. ముందు ఫైల్ అసలు మీ చేతికి వస్తుందో లేదో చూడండి

డౌన్‌లోడ్ అంటే రెండు రకాలు. కోచింగ్ యాప్‌లలో కనిపించే డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే వీడియో ఫోన్లోకి వస్తుంది గానీ అది తాళం వేసి వస్తుంది, ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు, గడువు అయిపోయాక సాధారణంగా ఆ యాప్‌లోనూ ఆడదు. చాలామంది "నేను అన్నీ దించేసుకున్నాను" అని నిశ్చింతగా ఉండి మోసపోయేది ఇక్కడే. స్క్రీన్ రికార్డింగ్ చేద్దామంటే చాలా యాప్‌లలో నల్ల తెరే వస్తుంది, పైగా అది వాళ్ల షరతులకి విరుద్ధం కూడా. మీది ఈ రకమైతే ఉన్న టైమంతా నోట్స్ రాసుకోవడానికి వాడండి, గడువు పొడిగించమని ఒక మెయిల్ పెట్టండి. అంతకు మించి దారి లేదు.

కోర్సు పేజీలోనే డౌన్‌లోడ్ ఇచ్చి, ఫైల్ చివర .mp4 అని ఉంటే మాత్రం మీ పని సులువు. మా చెల్లిది ఇదే. మన చదువు కోసం ఉంచుకోవడం వరకే సుమా, టెలిగ్రామ్ గ్రూపుల్లో పంచడానికి కాదు.

గడువు టైము కూడా ఒకసారి సరిగ్గా చదవండి. "30 వరకు" అని రాసి 12:00 AM అని ఉంటే, 30వ తేదీ మొదలైన క్షణానికే మూసేస్తారు, అంటే 29 రాత్రే మీకు ఆఖరు.

2. ఒక్క ఫైల్ దించి లెక్క కట్టండి

తనతో ముందు ఒక్క క్లాసు దించమన్నాను. 210 ఎంబీ ఫైల్, హాస్టల్ వైఫైలో ఏడు నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి 30 ఎంబీ. అదే సైజులో 26 క్లాసులకి దాదాపు మూడు గంటలు. గడువుకి ఐదు గంటలు ఉంది కాబట్టి కాగితం మీద సరిపోతుంది, కానీ కరెంటు అన్ని గంటలు ఉంటుందన్న నమ్మకం లేదు. హాస్టల్ జనరేటర్ వరండా లైట్లకీ నీళ్ల మోటారుకీ మాత్రమే, వైఫై రూటర్‌కి కాదు.

అందుకని లిస్టు కోయాలి. ఈ సబ్జెక్టు థియరీ ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలుగా యూట్యూబ్‌లో ఉచితంగా ఉంది, రేపైనా చూసుకోవచ్చు. దొరకనివి తమ సార్ పాత క్వశ్చన్ పేపర్లు పెట్టుకుని లెక్కలు చేయించిన క్లాసులు, పరీక్ష ముందు రివిజన్ క్లాసులు. అవి వడకడితే పదకొండే తేలాయి. అంటే 77 నిమిషాల పని.

3. ఒకదాని తర్వాత ఒకటి, ముఖ్యమైనది ముందు

పదకొండూ కలిపి నొక్కితే ఉన్న స్పీడునే అవన్నీ పంచుకుంటాయి. గంట తర్వాత కరెంటు పోతే పదకొండు సగం ఫైళ్లు మిగులుతాయి, ఒక్కటీ పనికిరాదు. వరుసలో పెడితే అదే గంటలో ఎనిమిది పూర్తిగా చేతికొస్తాయి. మీ నెట్ ఎంత స్పీడున్నా ఒక్కో ఫైల్‌నీ నెమ్మదిగానే పంపే సైట్లు కొన్ని ఉంటాయి, అలాంటి చోట రెండేసి పెట్టుకోవచ్చు, అంతకు మించి వద్దు.

మొదలుపెట్టే ముందు ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో పెట్టండి. విండోస్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ మీద ఉన్నప్పటి Sleep టైముని Never చేయండి. ఎందుకంటే ఛార్జర్ ఊడిన కొద్దిసేపటికి ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, దాంతో డౌన్‌లోడూ ఆగిపోతుంది. మూత కూడా వేయకండి.

4. కరెంటు పోయాక

6:50కి మొదలుపెట్టింది, 7:50కి కరెంటు పోయింది. ఎనిమిది పూర్తి, తొమ్మిదోది సగం దాటింది. ఇంకా రావాల్సింది సుమారు 510 ఎంబీ, ఫోన్లో ఆ రోజు డేటా 600 ఎంబీ మిగిలింది. "సరిపోతుందక్కా" అంది. సరిపోయేదే, ఆగిన ఫైల్ ఆగినచోటు నుంచి కదిలితే.

హాట్‌స్పాట్ కలపగానే చేయాల్సిన మొదటి పని, వైఫై ప్రాపర్టీస్‌లో Metered connection ఆన్ చేయడం. లేకపోతే విండోస్ అప్‌డేట్లు వెనకాల మీ డేటా తాగేస్తాయి. తర్వాత బ్రౌజర్ డౌన్‌లోడ్స్‌లో ఆగిన ఫైల్ పక్కన Resume నొక్కండి. సర్వర్ ఒప్పుకుంటే మిగతా ముక్క మాత్రమే వస్తుంది. తన విషయంలో ఒప్పుకోలేదు, మళ్లీ సున్నా నుంచి మొదలైంది. ఇక మూడు ఫైళ్లకి 630 ఎంబీ కావాలి, ఉన్నది 600. అర్ధరాత్రి దాటితే కొత్త డేటా వస్తుంది గానీ అప్పటికి పేజీ ఉండదు. రెండు తన ఫోన్ మీద దించి, మూడోదానికి పక్క రూమ్ అమ్మాయి హాట్‌స్పాట్ తీసుకుంది. సిగ్నల్ గదిలో ఒక గీతే ఉందట, మేడ మెట్ల కిటికీ దగ్గరకెళ్తే మూడు గీతలొచ్చాయి.

5. వచ్చినవి నిజంగా వచ్చాయా?

ఈ పని పేజీ మూయకముందే చేయాలి, తర్వాత తెలిసి లాభం లేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి సైజు ప్రకారం పేర్చండి. చివర .crdownload అనో .part అనో ఉంటే ఆ ఫైల్ పూర్తవలేదు. పేరు మార్చి .mp4 అని తగిలించినంత మాత్రాన పూర్తి కాదు. రెండు వందల ఎంబీల మధ్య ఒకటి పదో ఇరవయ్యో కేబీ ఉంటే అది వీడియోనే కాదు, లాగిన్ టైమ్ అయిపోయి సర్వర్ లాగిన్ పేజీని పంపింది. మా చెల్లికి పదో క్లాసు అలాగే వచ్చింది, మళ్లీ లాగిన్ అయి తెచ్చుకుంది.

ఫైల్ తెరుచుకుని మొదటి నిమిషం ఆడితే చాలనుకోకండి. ఎంపీ4 లోపల ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. అది ఫైల్ చివర ఉంటే సగం ఫైల్ అసలు తెరుచుకోదు, మొదట్లో ఉంటే మాత్రం సగం ఫైల్ కూడా శుభ్రంగా మొదలై, మొత్తం గంట నిడివి చూపించి, మధ్యలో టక్కున ఆగుతుంది. అందుకే ప్రతి వీడియోనీ చివరి రెండు నిమిషాలకి లాగి చూడండి, సార్ గొంతు వినిపిస్తే పూర్తిగా వచ్చినట్టే.

6. పేర్లు, కాపీ

video(7).mp4 లాంటి పేర్లు వారం తర్వాత మీకే అర్థం కావు. పేజీలో వరుస కనిపిస్తుండగానే 07_fourier_problems.mp4 అని మార్చేయండి. పేజీతో పాటు పీడీఎఫ్‌లు కూడా పోతాయి, వాటి సైజెంత, రెండు నిమిషాల్లో వచ్చేస్తాయి, మర్చిపోకండి.

తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి ఇంకో కాపీ. ల్యాప్‌టాప్ బ్యాటరీ పదిహేను శాతం కిందకి దిగితే కాపీ మొదలుపెట్టొద్దు, మధ్యలో ఆరిపోతే పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత ఫైళ్లు కూడా పాడవచ్చు. కరెంటు వచ్చేదాకా ఆగండి, వీడియోలు ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి కాబట్టి తొందరేం లేదు. కాపీ అయ్యాక Eject చేసి తీసి, మళ్లీ గుచ్చి, అందులోంచే ఒక వీడియో ఆడించి చూడండి.