విరిగిన కాలు ఫైలు నుంచి టైమ్‌లైన్ (3వ భాగం): ఆ ఎక్స్‌రే ఏ కట్టులో తీసింది?

పోయినసారి ఫైల్లో ఉన్నవన్నీ విడగొట్టాం కదా, ఒక్కో సంఘటనకి ఒక్కో వరస. తేదీ, దెబ్బ తగిలి ఎన్నో రోజు, ఏం జరిగింది (ఎక్స్‌రేనా, కట్టా, బరువు గురించి సలహానా), ఫైల్లో ఉన్న మాట ఉన్నట్టుగా, అది ఏ కాగితం మీద ఉంది, ఇవీ గడులు. ఇప్పుడు ఆ వరసల్ని తేదీల ప్రకారం పేర్చాలి. చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే ఒకే రోజు కట్టు మార్చి ఎక్స్‌రే కూడా తీసి ఉంటే, రెండిట్లో ఏది ముందు అన్నది తేదీ చెప్పదు.

ఈ పాఠం కోసం నేనే అల్లిన ఒక ఫైలు తీసుకుందాం. మోకాలి కింద పెద్ద ఎముక, అంటే టిబియా, మధ్యలో విరిగింది. ఆపరేషన్ లేదు, కట్టుతోనే వైద్యం. దెబ్బ తగిలింది 2024 మార్చి 4న, అది 0వ రోజు. అదే రోజు ఎక్స్‌రే తీసి తొడ దాకా స్లాబ్ వేశారు, అంటే వాపుకి చోటుండేలా వేసే సగం కట్టు. మార్చి 14న, 10వ రోజు, వాపు తగ్గాక స్లాబ్ తీసి పూర్తి సిమెంట్ కట్టు వేశారు. స్లాబ్‌ని కూడా చాలామంది ‘కట్టు’ అనే రాస్తారు. నేనూ మొదట్లో ఒక ఫైల్లో స్లాబ్‌నీ కట్టునీ ఒకటిగా లెక్కేసి, కట్టు మార్చిన రోజే మాయమైపోయిన టైమ్‌లైన్ తయారుచేశాను.

ముందు తేదీల సంగతి తేల్చుకోవాలి. ఈ ఫైల్లో ఒక ఫిల్మ్ మీద 03/04/2024 అని ఉంది. మార్చి 4 అనుకోవచ్చు, ఏప్రిల్ 3 అనీ అనుకోవచ్చు, రెండూ ఈ వైద్యం జరిగిన కాలంలోనే పడతాయి కాబట్టి ఊహించి వేసేస్తే దొరికిపోతాం. ఇలాంటప్పుడు అదే మెషీన్ నుంచి వచ్చిన ఇంకో ఫిల్మ్ వెతకండి, 12 కంటే పెద్ద అంకె ఉన్నది. ఇక్కడ 03/14/2024 అని ఒకటుంది. పద్నాలుగో నెల లేదు కాబట్టి ఈ మెషీన్ నెలని ముందు వేస్తుందన్నమాట. అంటే మొదటిది మార్చి 4. ఇంకో రుజువు కూడా ఫిల్మ్‌లోనే ఉంది, అందులో కట్టు నీడే లేదు. సిమెంట్ కట్టు ఎముక చుట్టూ తెల్లటి పొరలా ఫిల్మ్ మీద పడుతుంది (ఫైబర్ గ్లాస్ కట్టయితే అంత గట్టిగా కనిపించదు, దాన్ని నమ్ముకోకండి). ఏప్రిల్ 3న కాలికి కట్టు ఉంది. కాబట్టి నీడ లేని ఈ ఫిల్మ్ కట్టు పడకముందుదే.

ఇప్పుడు అసలు చిక్కు. ఏప్రిల్ 4 నోట్‌లో డాక్టరు గారు రాసింది ఇంతే: ‘కట్టు వదులైంది, మార్చాం. ఎక్స్‌రే చూశాం, ఎముక కుదురుగా ఉంది. 2 వారాల తర్వాత సగం బరువు వేయొచ్చు.’ చదివితే ఏమనిపిస్తుంది? కట్టు మార్చారు, ఎక్స్‌రే తీశారు, అంతా బాగుంది అని. కానీ ఫిల్మ్ మీద తేదీ 04/02/2024, అంటే ఏప్రిల్ 2. ఆయన ఏప్రిల్ 4న చూసింది రెండు రోజుల ముందు పాత కట్టులో తీసిన ఎక్స్‌రే. కొత్త కట్టు వేశాక ఆ రోజు ఎక్స్‌రే తీసినట్టు ఫైల్లో ఎక్కడా లేదు. అందుకే ఎక్స్‌రేకి తీసిన తేదీ ఒక గడిలో, చూసిన తేదీ ఇంకో గడిలో ఉండాలి, పక్కనే ‘ఏ కట్టులో’ అని మూడోది. వరసలు ఇలా వస్తాయి:

ఏప్రిల్ 2, 29వ రోజు. ఎక్స్‌రే తీశారు. 1వ పూర్తి కట్టులో. చూసింది ఏప్రిల్ 4న.
ఏప్రిల్ 4, 31వ రోజు. 1వ కట్టు తీసి 2వ కట్టు వేశారు. కారణం: వదులు. కొత్త కట్టులో ఎక్స్‌రే: ఫైల్లో లేదు.
ఏప్రిల్ 18, 45వ రోజు. ఎక్స్‌రే తీశారు. 2వ కట్టులో.

ఆ ‘ఫైల్లో లేదు’ అన్న మాటని ఖాళీ గడిగా వదిలేయకండి. ఏప్రిల్ 18 రిపోర్టులో ఎముక 7 డిగ్రీలు లోపలికి వంగిందని ఉంది, ఏప్రిల్ 2న 3 డిగ్రీలే. ఇలాంటి వంపు 5 డిగ్రీల లోపుంటే మామూలుగా పర్లేదంటారు కాబట్టి, ఎప్పుడు వంగిందన్నది తప్పకుండా అడిగే ప్రశ్న. కట్టు వదులుగా ఉన్నప్పుడు వంగిందా, మార్చేటప్పుడా, కొత్త కట్టు వేశాకా? ఏప్రిల్ 2కీ 18కీ మధ్య అని మాత్రమే ఈ ఫైలు చెప్పగలదు. అంతకు మించి మనం రాయకూడదు. నోట్‌ని నమ్మి ‘ఏప్రిల్ 4, ఎక్స్‌రే, కుదురుగా ఉంది’ అని ఒక్క వరస వేసేసి ఉంటే, కట్టు మార్చాకే వంగిందని చదివేవాళ్లు తీర్పు చెప్పేస్తారు.

ఇక బరువు సలహా. ఎక్స్‌రే ఆ ఒక్క రోజుతో అయిపోతుంది కానీ, సలహా ఇంకో సలహా వచ్చేదాకా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి దీనికి చెప్పిన రోజు, మొదలయ్యే రోజు అని రెండు తేదీలు. ‘2 వారాల తర్వాత’ని ఏప్రిల్ 4న చెప్పారు, అమల్లోకి వచ్చేది ఏప్రిల్ 18న. ఆ మధ్యలో ‘కాలు మోపకూడదు’ అన్న పాత సలహానే. సగం బరువుని ఏప్రిల్ 4 వరసలో పెడితే రెండు వారాలు ముందే నడిపించినట్టు అవుతుంది.

మార్చి 21 నోట్ ఇంకా ఇరకాటం: ‘6 వారాల దాకా కాలు మోపకూడదు.’ ఎప్పటి నుంచి 6 వారాలు? దెబ్బ తగిలిన రోజు నుంచి అయితే ఏప్రిల్ 15, పూర్తి కట్టు వేసిన రోజు నుంచి అయితే ఏప్రిల్ 25, చెప్పిన రోజు నుంచి అయితే మే 2. సాధారణంగా దెబ్బ నుంచే లెక్కేస్తారులే అని మీకనిపించొచ్చు, నాకూ అనిపిస్తుంది, అయినా టైమ్‌లైన్‌లో మన అంచనా పెట్టకూడదు. మాటని ఉన్నట్టు రాసి, ‘ఎప్పటి నుంచో రాయలేదు’ అని పక్కన పెట్టండి. ‘మునుపటిలాగే’ అన్న మాట వచ్చినా ఇంతే, పాత సలహాని ఈ వరసలోకి దింపి పక్కన ‘మునుపటిలాగే అన్నారు’ అని రాయండి, లేకపోతే డాక్టరు గారు ఆ రోజు కొత్తగా చెప్పారనుకుంటారు.

ఏప్రిల్ 22న ఫిజియోథెరపీ కాగితంలో ‘ఓర్చుకోగలిగినంత బరువు’ అని ఉంది. నాలుగు రోజుల ముందు అమల్లోకి వచ్చిన డాక్టరు గారి సలహా ‘సగం బరువు’. ఇవి రెండూ ఒకటి కాదు, మొదటిదాంట్లో నొప్పి ఆపితేనే ఆగుతాం, రెండోదాంట్లో నొప్పి లేకపోయినా ఆగాలి. తర్వాత వచ్చింది కదా అని ఫిజియో మాటని పైకి తేకండి. రెండు వరసలూ పెట్టి, ఎవరు చెప్పారో రాసి, రెంటికీ ఒకే గుర్తు వేసి, ఏది పాటించాలో వైద్యం చేసే డాక్టరు గారినే అడగాలి. వాళ్ల జవాబు వస్తే అది కూడా ఆ రోజు తేదీతో కొత్త వరస, పాతవి కొట్టేయడం లేదు.

వచ్చే భాగానికి ముందు ఒకటి చేసి చూడండి. మే 16 నోట్ ఇది: ‘కట్టు తీశాం. ఎక్స్‌రేలో కొత్త ఎముక కనిపిస్తోంది. ఇంకో కట్టు మోకాలి కింద దాకా. మునుపటిలాగే బరువు.’ ఇందులో ఎన్ని వరసలున్నాయి, ఎక్స్‌రే కట్టులో తీసిందా కట్టు లేకుండా తీసిందా, ‘మునుపటిలాగే’ అంటే ఏప్రిల్ 18దా 22దా? ఒక్క సూచన: ఫిల్మ్ మీద 05/16/2024 అని ఉంది, కట్టు నీడ లేదు.