కార్యాలయ లేఖలు, 7వ పాఠం: బి.ఎడ్. పరీక్షకు సెలవు కోరుతూ ప్రిన్సిపాల్‌కు లేఖ

గత పాఠంలో అనారోగ్య సెలవుకు లేఖ రాయడం నేర్చుకున్నాం. జ్వరం చెప్పి రాదు కాబట్టి ఆ లేఖ నాలుగు వాక్యాలతో ముగిసినా ఎవరూ తప్పుపట్టరు. పరీక్ష అలా కాదు. దాని తేదీలు ముందే తెలుస్తాయి కనుక, ఆ రోజుల్లో మన తరగతులు ఎవరు చూస్తారన్న ప్రశ్నకు కూడా లేఖలోనే జవాబు ఉండాలని ప్రిన్సిపాల్ ఆశించడం న్యాయమే. చాలా ఏళ్లు పాఠశాల టైమ్‌టేబుల్, సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు చూసినవాడిగా చెబుతున్నాను: ఇలాంటి లేఖ చేతికి వచ్చినప్పుడు నేను మొదట చదివింది సెలవు కారణాన్ని కాదు, పీరియడ్ల సంగతి రాసిన భాగాన్ని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సత్తుపల్లి వైపు ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయిని డి.ఎడ్. చదివి ఉద్యోగంలో చేరారు, ఇప్పుడు దూరవిద్యలో బి.ఎడ్. చేస్తున్నారు. ఆమెకు మూడు పేపర్లున్నాయి: 2025 నవంబరు 17 సోమవారం, 19 బుధవారం, 21 శుక్రవారం. సమయం ఉదయం 10 నుంచి ఒంటిగంట వరకు, పరీక్షా కేంద్రం ఖమ్మంలో. ఆమె మొదటి చిత్తుప్రతిలో రాసిన వాక్యం ఇది: "నాకు బి.ఎడ్. పరీక్షలు ఉన్నందున 17 నుండి 22 వరకు సెలవు మంజూరు చేయగలరని ప్రార్థన."

ఈ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, లెక్కలో ఉంది. పరీక్షలు మూడు రోజులే అయినా అడిగిన సెలవు ఆరు రోజులు. మధ్యలో వచ్చే మంగళ, గురువారాలు చదువుకోవడానికి కావాలంటే ఆ మాట విడిగా చెప్పి అడగాలి, లేదంటే ఆ రోజుల్లో బడికి రావాలి. పరీక్ష రోజుల విషయంలోనూ పూర్తి రోజు ఎందుకో తెలియాలి. పరీక్ష మధ్యాహ్నం ఉండి, కేంద్రం అదే ఊళ్లో ఉంటే ఒంటిపూట సెలవు సరిపోతుంది. ఇక్కడ ఖమ్మం వెళ్లి రావడానికే పూట గడిచిపోతుంది కాబట్టి పూర్తి రోజు అడగడం సమంజసం. అయితే ఆ కారణం లేఖలో ఒక ముక్కలో కనబడాలి.

ఇప్పుడు పీరియడ్లు లెక్కపెడదాం. ఆమెకు రోజూ రెండో పీరియడు 10వ తరగతి, మూడు, నాలుగు పీరియడ్లు 9వ తరగతి రెండు సెక్షన్లు, ఏడో పీరియడు 8వ తరగతి. రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులకు పన్నెండు పీరియడ్లు. వాటన్నిటికీ ఒకే రకం ఏర్పాటు కుదరదు.

10వ తరగతి పిల్లలకు గణితం ఒక్క పీరియడు కూడా పోకూడదు కనుక అక్కడ మార్పిడి చేసుకోవడం మేలు. మార్పిడి కుదరాలంటే ఇద్దరి ఖాళీలూ ఎదురెదురుగా సరిపోవాలి. భౌతికశాస్త్రం మాస్టారికి రెండో పీరియడు లీజర్, ఆయనకు 10వ తరగతి పాఠం ఉన్న ఐదో పీరియడు ఈమెకు లీజర్. కాబట్టి 17, 19, 21 తేదీల్లో గణితం పీరియడులో ఆయన తన పాఠం చెబుతారు, 18, 20, 22 తేదీల్లో ఆయన పీరియడులో ఈమె గణితం చెబుతారు. వారం ముగిసేసరికి రెండు సబ్జెక్టులకూ రావలసిన పీరియడ్లు వచ్చినట్టే.

9వ తరగతికి అలాంటి జత దొరకలేదు. మూడో పీరియడులో ఇంగ్లిషు టీచరు, నాలుగో పీరియడులో జీవశాస్త్రం టీచరు ఖాళీగా ఉన్నారు. వారు గణితం చెప్పలేరు, కూర్చుని పని చేయించగలరు. అందుకే వారి చేతికి కొత్త పాఠం అప్పగించకూడదు. అప్పటికే చెప్పిన చతుర్భుజాల అధ్యాయం నుంచి, పిల్లలు ఎవరి సాయమూ లేకుండా చేయగలిగిన లెక్కలు రోజుకొక కాగితం చొప్పున ఇవ్వాలి. నలభై నిమిషాలకు ఏడెనిమిది లెక్కలు చాలు. రెండే ఇస్తే పావుగంటలో గోల మొదలవుతుంది, పదిహేను ఇస్తే సగం పుస్తకాలు అసంపూర్తిగా తిరిగొస్తాయి.

8వ తరగతి చివరి పీరియడుకు ఎవరూ ఖాళీగా లేరు. ఇలాంటిచోట "తగిన ఏర్పాటు చేశాను" అని రాసేస్తుంటారు. అలా రాయవద్దు. ఆ మూడు పీరియడ్లు మిగిలాయని నిజం చెప్పి, నిర్ణయం ప్రిన్సిపాల్‌కు వదలాలి. ఇంకో జాగ్రత్త: సహోద్యోగుల పేర్లు రాసే ముందు వారిని అడిగి ఒప్పించుకోవాలి. తమ పేరు తమకు తెలియకుండా లేఖలో ఉందని స్టాఫ్‌రూములో తెలిసిన రోజున మాట పట్టింపులు వస్తాయి.

హాల్‌టికెట్ సంగతి కూడా చూడాలి. పరీక్షల టైమ్‌టేబుల్ ముందు వస్తుంది, హాల్‌టికెట్ తరచూ పరీక్షలు దగ్గరపడ్డాక గానీ రాదు. దాని కోసం ఎదురుచూస్తే లేఖ ఆలస్యమవుతుంది. టైమ్‌టేబుల్ జతచేసి ఇప్పుడే లేఖ ఇచ్చి, హాల్‌టికెట్ రాగానే ప్రతిని సమర్పిస్తానని రాయడం సరైన పద్ధతి.

ఇవన్నీ చేరిన తరువాత లేఖ ఇలా తయారైంది.

తేదీ: 03-11-2025

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

విషయం: బి.ఎడ్. పరీక్షలకు హాజరగుటకు మూడు రోజుల సెలవు – తరగతుల ఏర్పాట్లు – గురించి.

ఆర్యా,

నేను మన పాఠశాలలో గణితం బోధిస్తూ, తమ అనుమతితో దూరవిద్యలో బి.ఎడ్. చదువుతున్నాను. నాకు నవంబరు 17, 19, 21 తేదీలలో ఉదయం 10 నుండి 1 గంట వరకు ఖమ్మంలో పరీక్షలు ఉన్నాయి. ప్రయాణం వలన ఆ రోజులలో ఏ పూటా పాఠశాలకు రాలేను కనుక, ఆ మూడు రోజులకు సాధారణ సెలవు మంజూరు చేయవలసినదిగా మనవి. 18, 20, 22 తేదీలలో యథావిధిగా విధులకు హాజరవుతాను.

10వ తరగతి రెండవ పీరియడులో భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు తమ పాఠం బోధించుటకు అంగీకరించారు. బదులుగా 18, 20, 22 తేదీలలో వారి ఐదవ పీరియడులో నేను గణితం బోధిస్తాను. 9వ తరగతి రెండు సెక్షన్లను మూడు, నాలుగు పీరియడ్లలో ఇంగ్లిషు, జీవశాస్త్ర ఉపాధ్యాయినులు పర్యవేక్షిస్తారు. వారికి ఇవ్వవలసిన అభ్యాస పత్రాలను 15వ తేదీన అందజేసి, విద్యార్థుల పుస్తకాలను 24వ తేదీన దిద్దుతాను. 8వ తరగతి ఏడవ పీరియడుకు ఖాళీగా ఉన్న ఉపాధ్యాయులు లేనందున, ఆ మూడు పీరియడ్ల విషయంలో తమ నిర్ణయాన్ని కోరుతున్నాను. ఘాతాంకాలపై అభ్యాస పత్రాలు కార్యాలయంలో ఉంచుతాను.

పరీక్ష తేదీలు మారినచో వెంటనే తెలియజేసి, ఆ మేరకు సెలవు తేదీలను సవరించమని కోరుతాను. హాల్‌టికెట్ అందిన వెంటనే ప్రతిని సమర్పిస్తాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
(సంతకం, పేరు, హోదా)

జతపరచినది: పరీక్షల టైమ్‌టేబుల్ ప్రతి.

తేదీల మార్పు గురించిన వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. పేపరు వాయిదా పడినప్పుడు మంజూరైన సెలవు పాత తేదీకే ఉండిపోతుంది, కొత్త తేదీన గైర్హాజరు పడుతుంది. అందువల్ల ఆ ఒక్క వాక్యం ఉంచండి. పాఠశాలను బట్టి సెలవు పేరు మారవచ్చు, మీ నియామక పత్రంలో ఏ మాట ఉందో దాన్నే వాడండి. రెండు ప్రతులు తీసి, ఒకదానిపై కార్యాలయంలో అందినట్టు తేదీతో సంతకం పెట్టించుకుని మీ దగ్గర ఉంచుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ సొంత టైమ్‌టేబుల్ ముందుంచుకుని, ఏవైనా రెండు పరీక్ష రోజులు ఊహించుకుని, పోయే పీరియడ్లెన్నో లెక్కించండి. వాటిలో మార్పిడికి కుదిరేవి, పర్యవేక్షణతో సరిపోయేవి, మిగిలిపోయేవి విడదీసి లేఖలోని రెండో పేరాను మాత్రమే రాయండి. 8వ పాఠంలో, ఇదే సెలవును ప్రిన్సిపాల్ రెండు రోజులకు కుదించినప్పుడు రాయవలసిన పునఃపరిశీలన లేఖను చూద్దాం.