ఫ్యామిలీ గ్రూపు చాట్‌ని కుదించడం – నాలుగో పాఠం: ‘చెప్పాలి’ అంటే ఎవరు చెప్పాలి?

పోయిన పాఠంలో నేనిచ్చిన సలహా చాలామందిని ముంచింది. చాట్‌ని కింది నుంచి పైకి చదవండి, ఒక విషయం మీద చివరి మాటే లెక్క అన్నాను. వాళ్లు దాన్ని అక్షరాలా పాటించి భోజనాల దగ్గర బోల్తా పడ్డారు. అభ్యాసానికి ఇచ్చిన ఆ గృహప్రవేశం చాట్‌లో భోజనాల గురించి అందరికంటే చివర మాట్లాడింది బాబాయి: “బఫే అయితే హాయి, వడ్డించేవాళ్ల గోల ఉండదు.” మీరు దాన్ని తీసుకెళ్లి సారాంశంలో ‘నిర్ణయాలు’ కింద రాసేశారు. అంతకు రెండు రోజుల ముందే పెద్దన్నయ్య “అరటాకు భోజనాలే, 220 మందికి, అడ్వాన్స్ పదివేలు ఇచ్చేశాను” అని పెట్టాడు. బాబాయి అది చూడనే లేదు. ఎక్కడో పైన ఆగిపోయి, అక్కడున్నదానికి తీరిగ్గా జవాబిచ్చాడు.

తప్పు మీది కాదు, సగం చెప్పింది నేను. చివరి మాట కాదు, ఆ విషయంలో మాట చెల్లే మనిషి అన్న చివరి మాట కావాలి. అందుకని చదవడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: భోజనాలకు డబ్బు పెట్టేది ఎవరు, పంతులుగారితో మాట్లాడేది ఎవరు, పెట్టుబడి బట్టలు ఎవరి ఇష్టం. మా ఇంట్లో అయితే బట్టల దగ్గర పెద్దత్తయ్య మాటకు తిరుగులేదు, ఎవరు ఎన్ని ఫొటోలు పెట్టినా సరే. ఈ కాగితం రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. నా మటుకు నేను ఇంకో అడుగు ముందుకేసి, అడ్వాన్స్ ఇవ్వని దాన్ని నిర్ణయం అనను. మీరు అంత కఠినంగా ఉండక్కర్లేదు.

ఇంకొకటి. వాట్సాప్‌లో Export chat నొక్కి Without media ఎంచుకుంటే చాటంతా టెక్స్ట్ ఫైలుగా వస్తుందని మీకు తెలిసిందే. వెతకడానికి అది బంగారం. కానీ ఆ ఫైల్లో ఎవరు ఏ మెసేజ్‌కి జవాబిచ్చారో కనపడదు, మెసేజ్‌ల మీద పెట్టిన బొటనవేళ్లూ రావు. ఒక “ఓకే” కింద ఇంకో “ఓకే” కనిపిస్తే, అవి దేనికో తెలుసుకోవడానికి ఫోన్లోనే చూడాలి. ఫైలు చూసి ఊహించకండి.

ఇక అసలు సంగతి. పోయినసారి వచ్చిన సారాంశాల్లో దాదాపు అన్నింటిలోనూ ‘మిగిలిన పనులు’ కింద ఇలాంటి వాక్యాలున్నాయి: ఆవుదూడల్ని చెప్పాలి. పంతులుగారికి గుర్తు చేయాలి. కుర్చీలు చూడాలి. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఇలాగే రాసి పరువు పోగొట్టుకున్నాను.

మన భాషలో ఉన్న సుఖం ఇది. ‘చెప్పాలి’ అనడానికి మనిషి అక్కర్లేదు. వాక్యం నిండుగా ఉంటుంది, వినడానికి బాధ్యతగా ఉంటుంది, కానీ అందులో చేసేవాడు లేడు. గ్రూపులో అత్తయ్య “ఆవుదూడల్ని చెప్పాలి” అనగానే ఆరుగురు బొటనవేలు పెడతారు. పెట్టిన ప్రతివాళ్లూ ‘అవును, ఎవరో ఒకరు చెప్పాలి’ అని ఒప్పుకున్నట్టే తప్ప, నేను చెప్తాను అన్నట్టు కాదు. మా గృహప్రవేశానికి ఆ ఆరు బొటనవేళ్లు చూసి “ఆవు – ఓకే” అని రాసింది నేనే. తెల్లవారుజామున గుమ్మానికి తోరణం ఉంది, పొయ్యి మీద పాలగిన్నె ఉంది, ఆవు లేదు. వీధి చివర పాలాయన తలుపు కొట్టి, ఆయన నిద్రలేచి దూడని విప్పేదాకా పంతులుగారు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

‘చేద్దాం’, ‘చూద్దాం’ కూడా అదే బాపతు. ఇక్కడ ఒక చిన్న గుర్తు పనికొస్తుంది. “మేం చూసుకుంటాం” అని ఎవరైనా అంటే ఆ పనికి ఒక ఇల్లు దొరికింది, వాళ్లలో ఎవరని అడిగితే చాలు. “మనం చూసుకుందాం” అంటే ఆ పని ఇంకా వీధిలోనే ఉంది. మనం అన్నమాట ఎంత ఆత్మీయంగా ఉన్నా పనుల పట్టీలోకి రానివ్వకండి. ఇక “చూద్దాంలే” అన్నది మన ఇళ్లలో చాలాసార్లు వద్దనడానికి మర్యాద రూపం. అది నిర్ణయమూ కాదు, పనీ కాదు. అన్నవాళ్లనే విడిగా అడగాలి.

ఒక ముక్క తీసుకుని చేద్దాం.

పెద్దన్నయ్య: పంతులుగారు ముహూర్తం పెట్టారు. బుధవారం రాత్రి తెల్లవారుజామున 4:10.
అత్తయ్య: శుభం నాన్నా. ఆవుదూడల్ని చెప్పాలి.
చిన్నన్నయ్య: షామియానా అతనితో మాట్లాడాను.
అక్క: పూజ సామాను లిస్టు నేను తీసుకుంటా పంతులుగారి దగ్గర.
బావ: మేం గురువారం పొద్దున ఆరింటికి దిగుతాం.
వదిన: రిటర్న్ గిఫ్ట్‌లు చూద్దాంలే.
పెద్దన్నయ్య: ఓకే.

నిర్ణయాల్లోకి వచ్చేది ఒక్కటే, ముహూర్తం. దాన్నీ ఉన్నదున్నట్టు ఎత్తి రాయకూడదు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, కాబట్టి తెల్లవారుజాము 4:10 పంతులుగారి లెక్కలో ఇంకా బుధవారమే. గడియారం లెక్కలో గురువారం. శుభలేఖల్లో ‘తెల్లవారితే గురువారం’ అని వేసేది ఇందుకే. మీరు “గురువారం తెల్లవారుజామున 4:10, అంటే బుధవారం రాత్రికే అందరూ ఇంట్లో ఉండాలి” అని రాయండి. అలా రాస్తేనే బావ సంగతి బయటపడుతుంది. ఆయన దిగేసరికి పాలు పొంగి దాదాపు రెండు గంటలవుతుంది. అడగకుండానే పుట్టిన పని ఇది: బావ టికెట్ ముందు రోజుకి మార్చుకోవాలి, చేయాల్సింది బావ, ఈరోజే.

షామియానాకి ‘మాట్లాడాను’ అన్నాడు. మాట్లాడటం వేరు, కుదరడం వేరు. రేటు, ఎన్ని కుర్చీలు, ఎన్నింటికి వేస్తారు అన్నవి తేలేదాకా అది చిన్నన్నయ్య పేరు మీద మిగిలిన పనే. అక్క లిస్టు తీసుకుంటానంది, సామాను కొంటానని అనలేదు. ఇక్కడ పనులు రెండు, రెండోదానికి మనిషి లేడు. గిఫ్ట్‌ల సంగతి వదినని విడిగా కనుక్కోండి. ఆఖరి “ఓకే” దేనికో ఫోన్లో చూడండి. నేను చూశాను, అది అక్క లిస్టుకి.

ఆవు, సామాను కొనడం – ఈ రెండింటినీ పట్టీలో అన్నిటికంటే పైన పెట్టి పక్కన “ఎవరూ లేరు” అని రాయండి. ఖాళీ వదలకండి, ఖాళీని ఎవరూ చదవరు. గ్రూపులో “ఆవు సంగతి ఎవరు చూస్తారు?” అని అడిగితే మళ్లీ బొటనవేళ్లే వస్తాయి. ఒక్కరికి ఫోన్ చేసి “చిన్నన్నయ్యా, ఆవు నీ పేరు మీద రాస్తున్నా, ఆదివారంలోపు చెప్పేస్తావా?” అనండి. ఊ అంటేనే రాయండి.

అభ్యాసం కొంచెం కష్టమైనదే. మీ ఇంట్లో అయిపోయిన ఫంక్షన్ గ్రూపు ఒకటి తెరవండి. ఫంక్షన్‌కి సరిగ్గా వారం ముందు రోజు దగ్గర ఆగి, అంతవరకే చదివి సారాంశం రాయండి. తర్వాత ఆ వారం మెసేజ్‌లు చదువుతూ, చివరి నిమిషంలో ఎవరెవరు పరుగులు పెట్టారో, ఆ పని మీ పట్టీలో ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. నేను చేస్తే నాలుగు పరుగుల్లో మూడింటికి పేరే లేదు. నాలుగోదానికి నా పేరు ఉంది.

వాయిస్ మెసేజ్‌లు వచ్చే పాఠంలో. పెద్దత్తయ్యవి ఒక్కోటి నాలుగు నిమిషాలు.